కోటి రూపాయల పరిమితి, ఐదు పనులు: లాభదాయకత సూచీ వరుస ఎక్కడ తప్పుతుంది

లాభదాయకత సూచీ చూడటానికి చిన్న భాగహారం. ఒక ప్రాజెక్టు రాబోయే ఏళ్లలో తెచ్చిపెట్టే డబ్బును ఈ రోజు విలువకు కుదించాలి. ఆ మొత్తాన్ని ప్రాజెక్టు మీద ఇప్పుడు పెట్టాల్సిన పెట్టుబడితో భాగించాలి. వచ్చిన అంకె సరిగ్గా 1 అయితే పెట్టుబడి, దాని మీద ఆశించిన రాబడి మాత్రమే గిట్టుబాటయ్యాయి. 1 దాటితే ఆపైన మిగులు ఉంది. 1కి లోపల ఉంటే ఆ పని చేయకపోవడమే మేలు. సూచీ 1.40 అంటే పెట్టిన ప్రతి రూపాయికీ నేటి విలువలో 40 పైసల మిగులు అన్నమాట. ఆ మిగులు మొత్తాన్ని, అంటే వచ్చేదాని నేటి విలువలోంచి పెట్టుబడి తీసివేయగా మిగిలేదాన్ని, నికర ప్రస్తుత విలువ అంటారు. లెక్కల వాళ్ల నోట్లో అది ఎన్‌పీవీ.

చేతిలో కావలసినంత డబ్బు ఉన్నప్పుడు వరుస పెట్టాల్సిన అవసరమే రాదు. ఎన్‌పీవీ సున్నా కంటే ఎక్కువున్న ప్రతి పనీ చేసేయవచ్చు. డబ్బుకు గిరి గీసినప్పుడే చిక్కు మొదలవుతుంది. బ్యాంకు ఇక అప్పివ్వనని చెప్పవచ్చు, లేదా యజమానులే ఈ ఏడాది ఇంతకు మించి ఖర్చు చేయకూడదని నిర్ణయించుకోవచ్చు. కారణం ఏదైనా మంచి పనుల్లో కొన్నింటిని వదులుకోక తప్పదు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. అన్ని ప్రాజెక్టుల సూచీలు లెక్కగట్టి, పెద్దది పైన, చిన్నది కింద రాసి, డబ్బు అయిపోయేదాకా పైనుంచి ఎంచుకుంటూ వస్తారు. పాఠ్యపుస్తకాలు కూడా ఈ పద్ధతినే ముందు నేర్పుతాయి. ప్రాజెక్టును ముక్కలుగా తీసుకోవడానికి వీలున్నంతవరకు ఇది నూటికి నూరుపాళ్లూ సరైన పద్ధతి. తీసుకుంటే మొత్తం, లేదంటే అసలే వద్దు అనే చోట మాత్రం ఇదే పద్ధతి తప్పు జవాబు ఇవ్వగలదు. ఇచ్చిన జవాబు తప్పని పట్టికలో ఎక్కడా కనిపించదు కాబట్టి ఇది మరీ ప్రమాదకరం.

ఒక బియ్యం మిల్లు లెక్క

మిర్యాలగూడ చుట్టుపక్కల కనిపించేలాంటి ఒక ఉప్పుడు బియ్యం మిల్లును ఊహించుకుందాం. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఈ ఏడాది కొత్త పనులకు యజమానులు కోటి రూపాయలు, అంటే 100 లక్షలు కేటాయించారు. ముందున్న ప్రతిపాదనలు ఐదు: నల్లగింజ, రంగుమారిన గింజ ఏరేసే సార్టెక్స్ యంత్రం, ఉడికిన ధాన్యాన్ని ఆరబెట్టే డ్రయ్యర్, మిల్లు కప్పు మీద సోలార్ పలకలు, లారీలు తూచే వేబ్రిడ్జి, ఇంకో గోదాము. యజమానులు తమ డబ్బు మీద ఏడాదికి 12 శాతం ఆశిస్తున్నారు కాబట్టి కుదింపుకు అదే రేటు.

సార్టెక్స్ లెక్క పూర్తిగా చూస్తే మిగతావీ అర్థమవుతాయి. యంత్రం, దాని కంప్రెసర్, అమరిక అన్నీ కలిపి 55 లక్షలు. శుభ్రమైన బియ్యానికి దొరికే అదనపు ధరలోంచి కరెంటు, మరమ్మతులు, పన్ను తీసేస్తే ఏటా 15.5 లక్షలు మిగులుతాయి, ఎనిమిదేళ్లపాటు. మొదటి ఏడాది చివర చేతికొచ్చే 15.5 లక్షలను 1.12తో భాగిస్తే నేటి విలువ 13.84 లక్షలు. రెండో ఏడాది మొత్తాన్ని 1.12తో రెండుసార్లు భాగిస్తే 12.36 లక్షలు. ఎనిమిదో ఏడాదికి వచ్చేసరికి అదే 15.5 లక్షల విలువ 6.26 లక్షలకు పడిపోతుంది. ఎనిమిదింటినీ కూడితే 77 లక్షలు. 77ను 55తో భాగిస్తే సూచీ 1.40. 77లోంచి 55 తీసివేస్తే ఎన్‌పీవీ 22 లక్షలు. మిగిలిన నాలుగింటికీ ఇదే తీరున లెక్కవేసి, సూచీ వరుసలో పేర్చితే పట్టిక ఇలా ఉంటుంది. మొత్తాలన్నీ లక్షల్లో.

| పని | పెట్టుబడి | రాబడి నేటి విలువ | ఎన్‌పీవీ | సూచీ |
|---|---|---|---|---|
| సార్టెక్స్ | 55 | 77 | 22 | 1.40 |
| డ్రయ్యర్ | 50 | 67.5 | 17.5 | 1.35 |
| సోలార్ | 50 | 65 | 15 | 1.30 |
| వేబ్రిడ్జి | 20 | 24 | 4 | 1.20 |
| గోదాము | 25 | 28 | 3 | 1.12 |

పెట్టుబడి గడిలో ఏం రాయాలన్న దగ్గరే చాలా లెక్కలు ముందే చెడిపోతుంటాయి. అక్కడ ఉండాల్సింది పరిమితమైన ఆ కోటిలోంచి నిజంగా పోయే డబ్బంతా. యంత్రం కొటేషన్‌లోని ధర ఒక్కటే రాసి, పునాది, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంపు, అదనపు సరుకులో ఇరుక్కునే వర్కింగ్ క్యాపిటల్ వదిలేస్తే, హారం చిన్నదై సూచీ ఉబ్బిపోతుంది. పట్టికలో పైకెక్కిన ప్రాజెక్టు నిజంగా మంచిదా, దాని హారం సగం ఖర్చునే చెబుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు పైనుంచి ఎంచుకుందాం. సార్టెక్స్‌కు 55 పోతే 45 మిగిలింది. తర్వాతి వరుసలోని డ్రయ్యర్‌కు 50 కావాలి, చాలదు. సోలార్‌కూ 50, చాలదు. వేబ్రిడ్జికి 20 సరిపోతుంది. మిగిలిన 25 గోదాముకు అతికినట్టు సరిపోతుంది. కోటి రూపాయలూ ఖర్చయ్యాయి, పైసా మిగల్లేదు. అగ్రస్థానంలోని ప్రాజెక్టు ఎలాగూ ఉంది. మొత్తం ఎన్‌పీవీ 22, 4, 3 కలిపి 29 లక్షలు. ఏ సమావేశంలో పెట్టినా ఎవరూ వేలెత్తి చూపని ప్రణాళిక ఇది.

అయితే సార్టెక్స్‌ను పక్కనపెట్టి డ్రయ్యర్, సోలార్ రెండూ పెడితే? ఖర్చు సరిగ్గా 100 లక్షలే. ఎన్‌పీవీ 17.5, 15 కలిపి 32.5 లక్షలు. సూచీలో మొదటి స్థానంలో ఉన్న పనిని వదులుకున్న ప్రణాళిక, దాన్ని తీసుకున్న ప్రణాళిక కంటే మూడున్నర లక్షలు ఎక్కువ మిగిల్చింది.

ఎందుకిలా జరిగింది

సూచీ చెప్పేది రూపాయి పనితనం. సార్టెక్స్‌లోని ప్రతి రూపాయీ డ్రయ్యర్‌లోని రూపాయి కంటే 5 పైసలు ఎక్కువ సంపాదిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ 55 లక్షలు వెళ్లిపోయాక మిగిలిన 45 లక్షలకు ఏం గతి పడుతుందన్నది సార్టెక్స్ సూచీలో ఎక్కడా లేదు. 50 లక్షల పనులు రెండూ ఆ 45లో పట్టవు. కాబట్టి ఆ డబ్బు 1.20, 1.12 సూచీలున్న పనులకు దిగిపోవాల్సి వచ్చింది. 55 లక్షల మీద గెలుచుకున్న పైసలను 45 లక్షల మీద పోగొట్టుకుని, పైగా ఇంకొంత పోగొట్టుకోవడమే జరిగింది. ముక్కలు చేయలేని ప్రాజెక్టు అసలు ఖర్చు దాని బిల్లులోని రూపాయలతో ఆగదు. అది తన వెనకాల మిగిల్చే ఖాళీ ఏ కొలతలో ఉందన్నది కూడా ఆ ఖర్చులో భాగమే.

ముక్కలు చేయగలిగితే ఈ బాధ లేదు. సార్టెక్స్ తీసుకుని, మిగిలిన 45 లక్షలతో డ్రయ్యర్‌లో పదింట తొమ్మిది వంతులు కొనగలిగితే ఎన్‌పీవీ 22కు 15.75 కలిసి 37.75 లక్షలయ్యేది. ఏ రూపాయికైనా అందుబాటులో ఉన్నవాటిలో అత్యంత మెరుగైన చోటే దొరుకుతుంది కాబట్టి, ఇంతకంటే మంచి ఏర్పాటు సాధ్యం కాదు. ఈ విషయాన్ని గణితపరంగా 1957లో రాసిపెట్టినవాడు అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్. పరిమిత బరువు మోసే సంచిలో ఏ వస్తువులు సర్దితే విలువ గరిష్ఠమవుతుందన్న సమస్యకు ఆ రంగంలో నాప్‌సాక్ సమస్య అని పేరు. వస్తువులను కోసి పెట్టుకోవచ్చంటే విలువకూ బరువుకూ ఉన్న నిష్పత్తి వరుసలో నింపడమే సరైన జవాబు, కోయడానికి వీల్లేదంటే ఆ హామీ పోతుంది. కోటి రూపాయలే ఇక్కడ సంచి. ప్రాజెక్టు పెట్టుబడి బరువు, ఎన్‌పీవీ విలువ.

నిజ జీవితంలో ముక్కలయ్యే పెట్టుబడులు తక్కువే. పదింట తొమ్మిది వంతుల డ్రయ్యర్ ధాన్యం ఆరబెట్టదు. భాగస్వామితో సగం సగం పెట్టుకోగలిగిన సందర్భాల్లోనో, సోలార్ పలకల్లా కాస్త తక్కువ సంఖ్యలో కూడా బిగించుకోగలిగిన చోటో మాత్రమే ముక్కల లెక్క చెల్లుతుంది. అక్కడ కూడా సగం పెట్టుబడికి సగం రాబడి వస్తుందా అన్నది విడిగా చూడాలి. ఇన్వర్టర్, వైరింగ్, అనుమతుల ఖర్చు పలకలతో పాటు తగ్గదు.

డబ్బు మిగలడం తప్పు కాదు

సూచీ వరుస తప్పిందని తెలిశాక, బడ్జెట్‌ను పూర్తిగా వాడుకునే కూర్పును వెతకాలి అన్న మరో సూత్రం మీదికి మనసు పోతుంది. అది కూడా నమ్మదగ్గది కాదు. పైన ఓడిన ప్రణాళిక, గెలిచిన ప్రణాళిక రెండూ కోటినీ పూర్తిగా ఖర్చు పెట్టినవే. బడ్జెట్ 95 లక్షలే అనుకుంటే విషయం మరింత తేటపడుతుంది. డ్రయ్యర్, వేబ్రిడ్జి, గోదాము కలిపితే సరిగ్గా 95 లక్షలు, ఎన్‌పీవీ 24.5 లక్షలు. సార్టెక్స్, వేబ్రిడ్జి రెండే తీసుకుంటే ఖర్చు 75 లక్షలు, ఎన్‌పీవీ 26 లక్షలు. 20 లక్షలు వాడకుండా మిగిల్చిన కూర్పే మెరుగైంది.

ఆ 20 లక్షలు ఎక్కడ ఉంటాయన్న ప్రశ్న కూడా అడగాలి. 12 శాతం వడ్డీ పడుతున్న ఓడీ ఖాతాలో జమచేస్తే ఆ డబ్బు తన 12 శాతాన్ని తాను సంపాదించుకుంటుంది, ఎన్‌పీవీ సున్నా, నష్టం లేదు. 7 శాతం డిపాజిట్‌లో ఏడాది ఉంచితే 21.4 లక్షలవుతుంది. దాన్ని 1.12తో కుదిస్తే 19.1 లక్షలు. అంటే దాదాపు 0.9 లక్ష కోల్పోయినట్టు. 26లోంచి అది తీసేసినా 25.1 మిగులుతుంది, ఇంకా 24.5 కంటే ఎక్కువే. అదే డిపాజిట్‌లో రెండేళ్లు పడి ఉంటే నష్టం 1.75 లక్షలకు చేరి, నిండుగా ఖర్చుపెట్టిన కూర్పే పైచేయి అవుతుంది. కనుక మిగులు డబ్బు తిరిగి ఎప్పుడు పనిలోకి వస్తుందో తెలియకుండా రెండు కూర్పులను పోల్చడం సగం పోలికే.

కూర్పులను వెతకడం

ముక్కలు చేయలేని ప్రాజెక్టుల విషయంలో నమ్మదగ్గ ప్రమాణం ఒక్కటే. బడ్జెట్‌లో ఇమిడే కూర్పులన్నింటిలో మొత్తం ఎన్‌పీవీ ఎక్కువున్నది ఏదో కనుక్కోవాలి. ఐదు ప్రాజెక్టులకు ఒక్కొక్కటి ఉండొచ్చు లేదా ఉండకపోవచ్చు కాబట్టి మొత్తం 32 కూర్పులు. కాగితం మీద గంటలో అయిపోతుంది. పది ప్రాజెక్టులైతే 1,024, ఇరవై అయితే పది లక్షలు దాటుతాయి, ముప్ఫై అయితే వంద కోట్లు దాటుతాయి. అందుకే అన్నీ రాయకుండానే వదిలేయదగ్గవి వదిలేసే ఉపాయం కావాలి. ఇక్కడ సూచీ మళ్లీ పనికొస్తుంది, కాకపోతే వేరే హోదాలో.

ఇందాకటి 37.75 లక్షలు అసాధ్యమైన అంకె. డ్రయ్యర్‌ను కోయలేం కాబట్టి అది చేతికి రాదు. అయినా దానికి ఒక విలువ ఉంది. కోయడానికి అనుమతి ఇచ్చినా అంతకు మించి రానప్పుడు, కోయకుండా చేసే ఏ కూర్పూ దాన్ని దాటలేదు. అది పైకప్పు. సూచీ వరుసలో వచ్చిన ప్రణాళిక 29 దగ్గరుంటే, పైకప్పుకు ఇంకా 8.75 లక్షల దూరం ఉంది. అంటే వెతకడానికి చోటుంది. ఒకవేళ సూచీ వరుసే 37 ఇచ్చి ఉంటే, మిగిలిన కూర్పులన్నీ వెతికినా దొరికేది ముప్పావు లక్షే అని ముందే తెలిసేది. సూచీ వరుసను పాటించాక ఈ తేడాను లెక్కగట్టడానికి రెండు నిమిషాలు చాలు. తప్పు ఎంత పెద్దదై ఉండవచ్చో ఆ తేడా చెబుతుంది.

పైకప్పును వాడుకుంటూ వెతుకులాటను రెండు కొమ్మలుగా చీల్చవచ్చు. ఒక కొమ్మలో సార్టెక్స్ తప్పనిసరిగా ఉంటుంది. అప్పుడు 45 లక్షల్లో డ్రయ్యర్, సోలార్ పట్టవని ముందే తెలుసు, కాబట్టి ఆ కొమ్మ మొత్తంలో గరిష్ఠం 29. రెండో కొమ్మలో సార్టెక్స్ ఉండనే ఉండదు. మిగిలిన నాలుగింటినీ సూచీ వరుసలో నింపితే డ్రయ్యర్ 50, సోలార్ 50, బడ్జెట్ పూర్తయింది. దేన్నీ కోయాల్సిన అవసరమే రాలేదు. కనుక 32.5 ఆ కొమ్మకు పైకప్పూ అదే, చేతికి దొరికే జవాబూ అదే. 32 కూర్పుల పని రెండు అడుగుల్లో ముగిసింది, జవాబు ఇంతకంటే మెరుగుపడదని రుజువు కూడా దొరికింది. పూర్ణాంకాల సమస్యల్లో ఈ కొమ్మల పద్ధతిని 1960లో ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డోయిగ్ అనే ఇద్దరు మహిళలు ప్రకటించారు. నేటి సాఫ్ట్‌వేర్ల లోపల పనిచేస్తున్నది ఇంకా ఆ ఆలోచనే.

సాధారణ స్ప్రెడ్‌షీట్‌లో కూడా ఇది చేసుకోవచ్చు. B వరుసలో పెట్టుబడులు, C వరుసలో ఎన్‌పీవీలు, D వరుసలో ప్రతి ప్రాజెక్టుకూ 0 లేదా 1 ఉంచి, మొత్తం ఖర్చుకూ మొత్తం ఎన్‌పీవీకీ రెండు సూత్రాలు రాస్తే చాలు.

```
=SUMPRODUCT(B2:B6,D2:D6)
=SUMPRODUCT(C2:C6,D2:D6)
```

ఎక్సెల్‌లోని సాల్వర్‌కు రెండో సూత్రాన్ని గరిష్ఠం చేయమని, మొదటిది 100 దాటకూడదని, D2:D6 గడులు `bin` అని చెప్పి, పద్ధతిగా `Simplex LP` ఎంచుకోవాలి. ఒక జాగ్రత్త అవసరం. సాల్వర్ ఆప్షన్లలో `Integer Optimality (%)` అనే గడి ఉంటుంది, అందులో మామూలుగా 1 అని ఉంటుంది. అసలు గరిష్ఠానికి ఒక శాతం దూరంలోకి వచ్చానని నిర్ధారణ అయితే అక్కడితో ఆగిపోవచ్చని దాని అర్థం. పక్కా జవాబు కావాలంటే అక్కడ 0 పెట్టాలి.

కంప్యూటర్ అందుబాటులో లేక సూచీ వరుసనే పట్టుకోవాల్సి వస్తే ఒక్క పని మాత్రం మానకూడదు. 2 లక్షల చిన్న పని ఒకటి సూచీ 1.60తో ఉందనుకుందాం, 100 లక్షల పెద్ద పని 1.50తో ఉంది, ఇంకే ప్రతిపాదనా లేదు. వరుస ప్రకారం చిన్నదాన్ని తీసుకుంటే 98 మిగులుతుంది, పెద్దది పట్టదు. 1.2 లక్షల ఎన్‌పీవీ కోసం 50 లక్షల ఎన్‌పీవీని వదులుకున్నట్టయింది. సూచీ వరుస ఎంత ఘోరంగా తప్పగలదో చెప్పడానికి హద్దే లేదన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. దీనికి విరుగుడు సులువు. వరుసలో వచ్చిన మొత్తాన్ని, ఎన్‌పీవీ అత్యధికంగా ఉన్న ఏదో ఒక్క ప్రాజెక్టుతో పోల్చి, రెంటిలో పెద్దదాన్ని తీసుకోవాలి. ప్రతి ప్రాజెక్టూ విడిగా బడ్జెట్‌లో పట్టేదే అయితే, ఇలా ఎంచుకున్నది అసలు గరిష్ఠంలో సగానికి తగ్గదని గణితం హామీ ఇస్తుంది. సగం గొప్ప హామీ కాదు కానీ, హద్దులేని నష్టాన్ని అది ఆపుతుంది.

ఒకటుంటే మరొకటి ఉండనివి

ప్రతిపాదనల్లో ఒకే పనికి రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు సూచీ మరో రకంగా మోసపుచ్చుతుంది. సార్టెక్స్ అమ్మే కంపెనీ పెద్ద మోడల్ కూడా చూపించిందనుకుందాం. ధర 75 లక్షలు, రాబడి నేటి విలువ 104 లక్షలు, ఎన్‌పీవీ 29, సూచీ 1.39 కంటే కాస్త తక్కువ. చిన్న మోడల్ సూచీ 1.40 కాబట్టి వరుస పెట్టేవాళ్లు పెద్దదాన్ని అక్కడే కొట్టేస్తారు. కానీ పెద్ద మోడల్, వేబ్రిడ్జి కలిపితే ఖర్చు 95 లక్షలు, ఎన్‌పీవీ 33 లక్షలు. ఇది డ్రయ్యర్, సోలార్ కూర్పును కూడా దాటేసింది, పైగా 5 లక్షలు మిగిలాయి. చిన్న నిష్పత్తి ఉన్న పెద్ద మోడల్ గెలవడానికి కారణం, అదనంగా పెట్టిన 20 లక్షలు 27 లక్షలు తెచ్చాయి. అంటే ఆ అదనపు ముక్క సూచీ 1.35. సార్టెక్స్ కొన్నాక మిగిలిన డబ్బుకు దొరుకుతున్న చోట్లలో ఇంత రాబడి ఇచ్చేది మరొకటి లేదు. ప్రత్యామ్నాయాలను పట్టికలో విడివిడి వరుసలుగా ఉంచి, రెండూ ఒకేసారి రాకూడదన్న నిబంధన జోడించి, కూర్పులను పోల్చడమే సరైన దారి. పట్టిక వేయకముందే సూచీ చూసి ఒకదాన్ని కొట్టేయకూడదు.

ఇంకో ఐదు లక్షల విలువ

కూర్పు లెక్క వల్ల వచ్చే మరో ప్రయోజనం బడ్జెట్‌నే ప్రశ్నించగలగడం. మొదటి ఐదు ప్రతిపాదనల పట్టికతోనే చూస్తే, బడ్జెట్ 100 నుంచి 104 లక్షల దాకా పెంచినా జవాబు మారదు, 32.5 దగ్గరే ఉంటుంది. 105కి చేరగానే సార్టెక్స్, డ్రయ్యర్ రెండూ పడతాయి, ఎన్‌పీవీ 39.5కు ఎగురుతుంది. ఐదు లక్షల అదనపు డబ్బు ఏడు లక్షల మిగులు తెచ్చింది, అది కూడా 12 శాతం రాబడి పోగా. కాబట్టి ఆ ఐదు లక్షలను 18 శాతం వడ్డీకి తెచ్చినా, మామూలు కంటే ఎక్కువయ్యే వడ్డీ ఏడాదికి 30 వేల రూపాయలు మాత్రమే. బడ్జెట్ గిరి గీసినవాళ్ల ముందు ఈ అంకెలు పెట్టడం లెక్క వేసినవాళ్ల బాధ్యత. ముక్కలయ్యే ప్రాజెక్టులైతే ప్రతి అదనపు రూపాయికీ నింపాదిగా కొంత ఫలితం ఉండేది. ముక్కలు కానివాటిలో ఫలితం మెట్లు మెట్లుగా వస్తుంది. మెట్టుకు ఎంత దూరంలో ఉన్నామో తెలియకుండా గిరి గీస్తే, చిన్న తేడాకు పెద్ద మూల్యం చెల్లించాల్సి వస్తుంది. సార్టెక్స్ ధర బేరమాడి 50 లక్షలకు దించగలిగినా ఇదే మెట్టు ఎక్కవచ్చు.

అంచనాల పొరపాటుకు కూడా ఈ కూర్పులు సున్నితంగా ఉంటాయి. డ్రయ్యర్, సోలార్ జంటకు ఉన్న ఆధిక్యం 3.5 లక్షలే. సోలార్ వల్ల ఏటా మిగిలే కరెంటు ఖర్చు 8.7 లక్షలని అంచనా వేసి ఉంటే, అది 8.2 లక్షలకు తగ్గితే చాలు, ఆధిక్యం పోతుంది. సార్టెక్స్ వల్ల వచ్చే 15.5 లక్షలు 16.2 లక్షలకు పెరిగినా అంతే. ఐదు శాతం తేడాకు తారుమారయ్యే ఎంపిక మీద, కూర్పుల గణితం కంటే ముందు కరెంటు బిల్లులూ సార్టెక్స్ బియ్యం ధర తేడాలూ ఇంకోసారి సరిచూసుకోవడం మీద శ్రమ పెట్టాలి. గెలిచిన కూర్పుకూ దాని వెనకున్న కూర్పుకూ మధ్య తేడాను ఎప్పుడూ పక్కన రాసి ఉంచడం మంచి అలవాటు.

రెండేళ్ల బడ్జెట్ వచ్చినప్పుడు

ఇప్పటిదాకా డబ్బంతా ఒకేసారి పోతుందనుకున్నాం. పెద్ద ప్రాజెక్టులు రెండు మూడేళ్లు డబ్బు తింటాయి, ప్రతి ఏడాదికీ వేరే పరిమితి ఉంటుంది. అప్పుడు సూచీకి హారంగా ఏ ఏడాది పెట్టుబడి వేయాలన్న ప్రశ్న వస్తుంది. ఈ చిక్కును స్పష్టంగా చూపించినవాళ్లు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ లోరీ, లెనార్డ్ సావేజ్. 1955లో వాళ్లు రాసిన వ్యాసంలో తొమ్మిది ప్రాజెక్టుల ఉదాహరణ ఒకటుంది, మొదటి ఏడాది బడ్జెట్ 50, రెండో ఏడాది 20. ఈ రంగంలో చదువుకునేవాళ్లకు అది ఇప్పటికీ పరిచితమే.

అందులో ఐదో ప్రాజెక్టు ఎన్‌పీవీ 40, మిగతా దేనికీ 17 మించి లేదు. మొదటి ఏడాది అది తీసుకునేది 30, రెండో ఏడాది 35. మొదటి ఏడాది పెట్టుబడిని హారంగా వేసి వరుస పెడితే మూడు, నాలుగు, ఆరు, ఐదు నంబర్ల ప్రాజెక్టులు పైకొస్తాయి. ఖర్చు 48, బడ్జెట్‌లోనే ఉంది, ఎన్‌పీవీ 84. మొదటి ఏడాది అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రెండో ఏడాదికి ఈ నాలుగూ అడిగేది 49, ఉన్నది 20. ఐదో ప్రాజెక్టు ఒక్కదానికే ఆ బడ్జెట్ చాలదు. సగం కట్టి ఆగిపోయిన పనులకు ఇలాంటి లెక్కలు ఒక కారణం.

లోరీ, సావేజ్ చెప్పిన దారి ఏమిటంటే, ప్రతి ఏడాది రూపాయికీ ఒక కొరత ధర వేయాలి. ఎన్‌పీవీలోంచి ఆ ధరల ప్రకారం రెండేళ్ల ఖర్చునూ తీసేసి, మిగులు ఉన్నవాటినే ఎంచుకోవాలి. ఎంచుకున్నవి బడ్జెట్ దాటితే ధర పెంచాలి, డబ్బు మిగిలితే తగ్గించాలి. మొదటి ఏడాదికి 0.33, రెండో ఏడాదికి 1 వేసి చూస్తే ఐదో ప్రాజెక్టుకు 40లోంచి దాదాపు 10, మళ్లీ 35 పోయి, మిగులు సున్నాకు కిందకు దిగుతుంది. ఒకటి, మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది నంబర్లు నిలుస్తాయి. మొదటి ఏడాది ఖర్చు 48, రెండో ఏడాది సరిగ్గా 20, ఎన్‌పీవీ 70. ఈ ధరలను తడుముకుంటూ సరిచేసుకోవాలి, పైగా ముక్కలు కాని ప్రాజెక్టులకు సరిపడే ధరలు దొరకని సందర్భాలూ ఉంటాయి.

మార్టిన్ వైన్‌గార్ట్‌నర్ 1963లో ప్రచురించిన పుస్తకంలో ఇదే ఉదాహరణను లీనియర్ ప్రోగ్రామింగ్‌తో లెక్కించాడు. ప్రాజెక్టులను కోయవచ్చనుకుంటే గరిష్ఠం 70.27. ఆరో ప్రాజెక్టులో నూటికి 97 వంతులు, ఏడో దాంట్లో నాలుగున్నర వంతులు తీసుకోవాలని ఆ లెక్క చెబుతుంది. ఉదాహరణలోని ఎన్‌పీవీలన్నీ పూర్ణాంకాలు కాబట్టి, కోయకుండా చేసే ఏ కూర్పుకైనా మొత్తం పూర్ణాంకమే అవుతుంది, అది 70.27ను దాటలేదు. కాబట్టి లోరీ, సావేజ్ ధరలతో దొరికిన 70 కంటే మెరుగైన కూర్పు ఆ తొమ్మిదింటిలో లేదు.